సెల్లార్‌లో బండ తగిలితే: బ్రేకరా, కెమికలా, వైర్ సానా?

హైదరాబాద్‌లో సెల్లార్ తవ్వేవాళ్లకు రెండు మీటర్ల మట్టి పోయాక ఏం తగులుతుందో వేరే చెప్పక్కర్లేదు. గ్రానైట్ షీట్ రాక్. పర్యావరణ నిర్వహణ ప్రణాళికలో దుమ్ము, శబ్దం, మురుగునీరు అని మూడు పేజీలు రాస్తాం. నెట్ కడతాం, నీళ్లు చల్లుతాం, రేకులు పెడతాం, సెటిలింగ్ ట్యాంకు కడతాం అంటాం. కానీ ఆ బండను దేనితో తీస్తామన్నది ఖరారైన రోజే ఆ మూడు పేజీల్లో సగం తేలిపోతుంది. చాలా ప్రణాళికల్లో ఆ ఒక్క మాటే ఉండదు. "తగిన యంత్రాలతో తవ్వకం" అని రాసి ఊరుకుంటారు.

లెక్క కోసం ఒక ప్లాటు తీసుకుందాం. 1,200 గజాలు, అంటే దాదాపు 1,000 చదరపు మీటర్లు. సెట్‌బ్యాక్‌లు వదిలేస్తే సెల్లార్ గుంత 20 మీటర్లకు 35 మీటర్లు. అందులో బండ లోతు 4 మీటర్లు, అంటే 2,800 ఘనపు మీటర్ల రాయి. తూర్పున మూడంతస్తుల ఇల్లు, గోడకు గోడ. పడమర 15 మీటర్ల దూరంలో అపార్ట్‌మెంటు. కొండాపూర్, మణికొండ వైపు పనిచేసిన ఎవరికైనా ఇలాంటి ప్లాటు ఒకటి వెంటనే గుర్తొస్తుంది.

పేలుడు సంగతి ముందే తేల్చేద్దాం. అనుమతులు తెచ్చుకుని, పైన కన్వేయర్ బెల్టు చాపలు, ఇసుక బస్తాలు కప్పి పేల్చినా, గుంత అంచుకు పక్కింటి గోడ మూడు మీటర్లలో ఉన్నప్పుడు ఎగిరే రాయికీ, కంపనానికీ హామీ ఇచ్చే ఇంజనీరు నాకింకా తగల్లేదు. ఇక్కడ అది వద్దు.

మిగిలినవి మూడు. అందరూ మొదట అడిగేది ఎక్స్‌కవేటర్‌కు తగిలించే బ్రేకర్‌నే. చౌక, ఎప్పుడంటే అప్పుడు దొరుకుతుంది, ఆపరేటర్లకు అలవాటు. దాని చిక్కు శబ్దం. 15 మీటర్ల దూరంలో దెబ్బ పడుతున్నంతసేపూ 90 డెసిబెళ్ల దగ్గర ఉంటుంది. నివాస ప్రాంతానికి 2000 నాటి శబ్ద నియమాలు ఇచ్చిన పరిమితి పగలు 55, రాత్రి 45. పగలంటే ఉదయం 6 నుంచి రాత్రి 10 వరకు, 16 గంటల సగటు. బ్రేకర్ రోజుకు 5 గంటలే కొడుతుందనుకుంటే ఆ సగటులో 5 డెసిబెళ్లు తగ్గుతాయి, 85. మంచి బ్యారియర్ పెడితే ఇంకో 10 తగ్గుతాయి, 75. ఇంకా 20 ఎక్కువే. 20 డెసిబెళ్లంటే శబ్దశక్తిలో 100 రెట్లు. పని గంటకు కుదించినా బ్యారియర్‌తో కలిపి 68 దగ్గర ఆగుతుంది.

ఆ 10 డెసిబెళ్లు కూడా కాగితం మీదే. మన సైట్ల చుట్టూ ఉండే పల్చటి రేకు, కింద అరడుగు సందు, మధ్యలో గేటు: ఇది బ్యారియర్ కాదు, తెర. బరువు లేని గోడ శబ్దాన్ని ఆపదు, సందు ఉన్న గోడ అసలే ఆపదు. గోడ ఎంత గట్టిదైనా, రెండో అంతస్తు బాల్కనీ నుంచి బ్రేకర్ కనిపిస్తోందంటే అక్కడికి తగ్గింపు సున్నా. అందుకే నేను మీటరు ఎప్పుడూ గేటు దగ్గర పెట్టను. పడమటి అపార్ట్‌మెంటువాళ్లను అడిగి మూడో అంతస్తు బాల్కనీలో పెడతాను. గేటు దగ్గరి రీడింగు చూసి మురిసిపోయే నివేదికలు చాలా చూశాను.

దుమ్ము విషయంలో మాత్రం బ్రేకర్‌ను అనవసరంగా తిడతారు. ఉలి మొన దగ్గరే రెండు నాజిళ్లు బిగించి, దెబ్బ పడినప్పుడల్లా నీళ్లు పడేలా చేస్తే దుమ్ము పుట్టినచోటే చాలావరకు అణిగిపోతుంది. గుంత అంచున పెట్టే, సన్నటి నీటి తుంపర చిమ్మే ఫాగ్ క్యానన్ చూడ్డానికి బాగుంటుంది, ఫొటోకు ఇంకా బాగుంటుంది. అప్పటికే గాలిలో కలిసిన ధూళిని వెతికి పట్టుకోవడం దాని పని. గాలి కొంచెం తిరిగితే మంచు ఒకవైపు, దుమ్ము ఒకవైపు. గ్రీన్ నెట్ గాలి వేగం తగ్గిస్తుందే తప్ప సన్నటి పొడిని వడకట్టదు. ఆ రంధ్రాలు కంటికి కనిపిస్తాయి, పొడి కనిపించదు.

రెండోది కెమికల్. బండకు వరుసగా రంధ్రాలు వేసి, సున్నం ఆధారంగా చేసిన పొడిని నీళ్లతో కలిపి పోస్తే, అది గట్టిపడుతూ ఉబ్బి, ఒక రోజులో బండను చీలుస్తుంది. "సార్, సౌండే రాదు, పక్కింటోళ్లకు తెలీదు కూడా" అన్నాడు ఒక సబ్ కాంట్రాక్టరు నాతో. చీలేటప్పుడు రాదు, నిజమే. "మరి రంధ్రాలు ఎవరు వేస్తారన్నా?" అంటే నవ్వాడు.

రంధ్రానికీ రంధ్రానికీ 40 సెంటీమీటర్లు అనుకుంటే, ఒక ఘనపు మీటరు రాయికి 6 మీటర్లకు పైగా డ్రిల్లింగ్. మన 2,800 ఘనపు మీటర్లకు 17,500 మీటర్లు. గాలితో నడిచే జాక్‌హ్యామర్, పక్కన కంప్రెసర్, వారాల తరబడి. శబ్దంలో అది బ్రేకర్ కన్నా పెద్ద తక్కువేమీ కాదు. రంధ్రం వ్యాసం 40 మిల్లీమీటర్లయితే పట్టే పొడి ఘనపు మీటరుకు దాదాపు 13 కిలోలు, మొత్తం 36 టన్నులు. ఈ లెక్క వేసేవరకే గుంతంతా కెమికల్‌తో తీద్దామన్న ఉత్సాహం ఉంటుంది.

దుమ్ము ఎక్కడ లేస్తుందో దగ్గరగా చూడాలంటే ఈ పని దగ్గర పది నిమిషాలు నిలబడితే చాలు. డ్రిల్ చేసేటప్పుడు కాదు, డ్రిల్ అయ్యాక. లోపల పొడి మిగిలితే కెమికల్ సరిగా పట్టదని కుర్రాడు ఎయిర్ పైపు రంధ్రంలోకి దూర్చి వాల్వు తిప్పుతాడు. మనిషి ఎత్తున తెల్లటి పొగ చిమ్ముతుంది. గ్రానైట్ పొడిలో క్వార్ట్జ్ ఉంటుంది, ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్. ఆ కుర్రాడి ముఖానికి చేతిరుమాలు తప్ప ఏమీ ఉండదు. నీళ్లు పోస్తూ డ్రిల్ చేయమంటే రంధ్రంలో నీళ్లు నిలిచి కెమికల్ పలచబడుతుంది. కాబట్టి ఇక్కడ పొడి డ్రిల్లింగే, కానీ రంధ్రం మూతి దగ్గర పీల్చే హుడ్, గాలిని గిరగిరా తిప్పి పొడిని వేరుచేసే సైక్లోన్, ఫిల్టరు ఉన్న డ్రిల్ యంత్రంతో. గాలి ఊదడం బంద్, సన్నటి పైపుతో పీల్చడమే. ప్రణాళికలో దుమ్ము గురించి రాయాల్సిన ముఖ్యమైన వాక్యం ఇదే, నెట్ గురించి కాదు.

కెమికల్‌కు ఎండతో కూడా పేచీ ఉంది. ఉష్ణోగ్రతను బట్టి గ్రేడు మారుతుంది. చలికాలానికి ఇచ్చే రకాన్ని ఏప్రిల్ మధ్యాహ్నం పోస్తే తొందరగా వేడెక్కి రంధ్రంలోంచి తుపాకీలా చిమ్ముతుంది. పోశాక వంగి చూడకూడదు, కళ్లద్దాలు తీయకూడదు. ఇక వాడేసిన పొడి మీద వాన పడితే ఆ నీళ్లు బాగా క్షారంగా మారతాయి. పీహెచ్ కాగితం ముంచితే ముదురు నీలానికి తిరుగుతుంది. ఆ నీళ్లు నేరుగా వాననీటి కాలువలోకి పోకూడదు.

మూడోది డైమండ్ వైర్ సా. వజ్రపు పూసలు గుచ్చిన తీగ బండ చుట్టూ తిరుగుతూ కోస్తుంది. కరెంటు మోటారు, మీద పడే నీళ్లు, ఒకే తీరు రొద. బ్రేకర్ దెబ్బలతో పోలిస్తే చాలా తక్కువ. తడి కోత కాబట్టి దుమ్ము దాదాపు లేదు. పక్కింటి పునాదికి కుదుపు లేదు. మూడింటిలో ఇదే మేలు అనిపిస్తుంది, నీళ్ల దగ్గరికి వచ్చేదాకా.

దుమ్ము ఎక్కడికీ పోలేదు, నీళ్లలోకి దిగింది. తీగ మందం 11 మిల్లీమీటర్లు. ఒక చదరపు మీటరు కోస్తే 11 లీటర్ల రాయి, అంటే 29 కిలోలు, పిండిగా మారి నీళ్లతో వస్తుంది. గుంత చుట్టూ 110 మీటర్లు, 4 మీటర్ల లోతు కోస్తే 440 చదరపు మీటర్లు, దాదాపు 13 టన్నుల పిండి. నేను మొదటిసారి వైర్ సా వాడిన సైట్‌లో సెటిలింగ్ ట్యాంకు ఉంది, నిబంధన ప్రకారం ఫొటో కూడా తీశాం. మూడో రోజు వీధి చివర మ్యాన్‌హోల్ పక్కన పాలలాంటి నీళ్లు. వారానికి కాలువ అడుగున బూడిదరంగు పేస్టు గట్టిపడి, పారతో గీకితే పలకలుగా లేచింది.

తప్పు ట్యాంకుది కాదు, పంపుది. పది చదరపు మీటర్ల ట్యాంకులోకి గంటకు 30 వేల లీటర్లు తోడే పంపు పెట్టాం. ట్యాంకు లోతు ఎంతన్నది ఇక్కడ పెద్దగా పట్టింపు లేదు. గంటకు వచ్చే నీటిని ట్యాంకు వైశాల్యంతో భాగిస్తే వచ్చే వేగం కన్నా వేగంగా కిందికి దిగే రేణువే లోపల ఆగుతుంది. 30 ఘనపు మీటర్లను 10తో భాగిస్తే గంటకు 3 మీటర్లు. అంత వేగంగా దిగేవి 30 మైక్రాన్లు, ఆపై రేణువులే. అంతకన్నా సన్నటిదంతా వీధిలోకి. అదే ట్యాంకుకు గంటకు 3 వేల లీటర్ల పంపు పెడితే 10 మైక్రాన్ల దాకా ఆగుతుంది. పెద్ద ట్యాంకుకు చోటు లేని సైట్‌లో చిన్న పంపే పెద్ద ట్యాంకు. పటిక కొద్దిగా వేస్తే సన్నటివి ముద్దకట్టి ఇంకా త్వరగా దిగుతాయి. తేటనీళ్లు మళ్లీ కోతకే వాడితే బయటికి పంపేదే తగ్గుతుంది.

వానొస్తే? 30 మిల్లీమీటర్ల వాన 700 చదరపు మీటర్ల గుంతలో 21 వేల లీటర్లు నింపుతుంది. కాంట్రాక్టరు పెద్ద పంపు పెట్టి గంటలో తోడేస్తానంటాడు. వద్దు. గుంత మూలలో సంప్ తవ్వి రాత్రంతా వదిలేసి, పొద్దున తేలే పైపుతో పై నీళ్లు మాత్రమే తీయాలి. పంపడానికి ముందు గాజు సీసాలో పట్టి వెనక పేపరు పెట్టి చూడండి. అక్షరాలు చదవగలిగితేనే గేటు దాటించండి.

వైర్ సాకు ఇంకో రెండు ఇబ్బందులు. తీగ తిరగడానికి ఒక ఖాళీ ముఖం కావాలి, కాబట్టి మొదటి గొయ్యి వేరేదానితో తీయాల్సిందే. తీగ తెగితే పూసలు బుల్లెట్లలా ఎగురుతాయి, తీగ వరసలో మనిషి నిలబడకూడదు.

నన్నడిగితే ఈ ప్లాటుకు గుంతంతా ఒకే పద్ధతి పెట్టను. మధ్యలో మొదటి గొయ్యి బ్రేకర్‌తో. తర్వాత నాలుగు వైపులా హద్దు వెంట వైర్ సా కోత. అది పూర్తయ్యాక గుంత చుట్టూ ఒక చీలిక ఉంటుంది, లోపల కొట్టే కుదుపు పక్కింటి పునాదికి అంతగా చేరదు. తూర్పు ఇంటి వైపు ఐదారు మీటర్ల పట్టీ మాత్రం కెమికల్‌తో, పీల్చే డ్రిల్‌తో. మిగతా లోపలి బండ బ్రేకర్‌కు, ఉలి దగ్గర నీళ్లతో. బ్రేకర్‌తోనే మొత్తం తీయడం కన్నా ఖర్చు ఎక్కువ, రోజులూ ఎక్కువ. అయినా వైర్ సాతో, కెమికల్‌తో మొత్తం తీయడం కన్నా తక్కువే.

ఇంత చేసినా బ్రేకర్ కొట్టే గంటల్లో మూడో అంతస్తు బాల్కనీలో 55 రాదు. ప్రణాళికలో "పరిమితి లోపు ఉంచుతాం" అని రాయడం మానేశాను. నేను రాసేది ఇది: "బ్రేకర్ ఉదయం 10 నుంచి 12:30 వరకు, మధ్యాహ్నం 3 నుంచి 5:30 వరకు మాత్రమే. ఆదివారం లేదు. పరీక్షల రోజుల్లో పక్క అపార్ట్‌మెంటు సంఘం అడిగితే ఆ పూట లేదు. శబ్దం రీడింగు మూడో అంతస్తులో, వారానికి రెండుసార్లు, గేటు బోర్డు మీద రాయాలి." పోయినసారి ఆ బోర్డు మీద 78 అని రాయిస్తుంటే మా ప్రాజెక్టు మేనేజరు "అంత నిజం ఎందుకండీ" అన్నారు. పక్క అపార్ట్‌మెంటు పెద్దాయన దాన్ని ఫొటో తీసుకుని, సాయంత్రం 5:35కు గేటు దగ్గరికి వచ్చి వాచీ చూసుకుని, ఏమీ అనకుండా వెళ్లిపోయాడు.