జర్నల్ రాస్తే లెడ్జర్లూ ట్రయల్ బ్యాలెన్సూ తనే వేసుకునే ఎక్సెల్ ఫైలు, మూడేళ్ళు వాడాక

మా బావగారిది పెయింట్స్ షాపు, సొంత వ్యాపారం, లెక్కలు రాసేది నేను. 2022 ఏప్రిల్ ఒకటో తారీఖు నుంచి ఒక రెడీమేడ్ ఎక్సెల్ ఫైల్లో రాస్తున్నా. ఫ్రీగా దొరికిందే, ఎవరు తయారుచేశారో పేరు కూడా లేదు అందులో. మూడేళ్ళు దాటింది కాబట్టి ఇక ధైర్యంగా చెప్పొచ్చు, ఇది మంచిదే, కానీ దాంట్లో ఎర్రగా వెలిగే ఒక్క గడిని నమ్ముకుని కూర్చుంటే మాత్రం మునుగుతాం. అదెలాగో చెప్తా.

ముందు ఫైలు ఎలా ఉంటుందంటే, మూడు షీట్లు. మొదటిది Journal, మనం ఇంటర్ సీఈసీలో చిట్టా అని చదువుకున్నదే. A లో తేదీ, B లో వోచర్ నంబరు, C లో ఖాతా పేరు, D డెబిట్, E క్రెడిట్, F లో వివరం. మనం చేత్తో రాసేది ఇదొక్కటే. రెండోది లెడ్జర్, అంటే ఆవర్జా. పైన ఖాతా పేరు ఎంచుకుంటే ఆ ఖాతా తాలూకు వరసలన్నీ FILTER తో కిందకి వచ్చేస్తాయి. మూడోది TB, అంకణా. అక్కడ A లో ఖాతాల పేర్ల జాబితా ఉంటుంది, పక్కన B లో ఈ ఫార్ములా:

```
=SUMIFS(Journal!$D$2:$D$500,Journal!$C$2:$C$500,A2)
-SUMIFS(Journal!$E$2:$E$500,Journal!$C$2:$C$500,A2)
```

ప్లస్ వస్తే డెబిట్ కాలమ్‌లోకి, మైనస్ వస్తే క్రెడిట్ కాలమ్‌లోకి వెళ్తుంది, అడుగున రెండు మొత్తాల తేడా ఒక గడిలో వస్తుంది, సున్నా అయితే పచ్చ, లేకపోతే ఎరుపు. అంతే. పోస్టింగ్ అనే పనే లేదు. మా నాన్నగారు రైస్ మిల్లులో గుమాస్తాగా చేసేటప్పుడు నెలాఖరున పేజీలు తిప్పుతూ ఎల్ఎఫ్ నంబర్లు వేసుకుంటూ రాత్రి పదకొండింటిదాకా కూర్చునేవారు, ఆ పని ఇక్కడ ఎంటర్ నొక్కగానే అయిపోతుంది, ఆయనకి చూపిస్తే కాసేపు ఏం మాట్లాడలేదు.

ఇప్పుడు నా మొదటి దెబ్బ. 2022 జూన్ నెలాఖరు. గడి ఎర్రగా ఉంది, డెబిట్ వైపు 2,250 తక్కువ. సరే, మనకి నేర్పిన పద్ధతులు రెండున్నాయి కదా. ఒకటి, తేడాని సగం చెయ్యి, ఆ అంకె ఎక్కడుందో వెతుకు, ఎందుకంటే ఒక మొత్తాన్ని తప్పు వైపు వేస్తే తేడా దానికి రెట్టింపు వస్తుంది. రెండోది, తేడా తొమ్మిదితో భాగించబడితే అంకెలు తారుమారై ఉంటాయి, 5,400 ని 4,500 అని రాసినట్టు, తేడా 900. నా 2,250 లో సగం 1,125. వెతికితే ఆటో కిరాయి 1,125 క్యాష్ ఖాతా క్రెడిట్‌లో నిజంగానే ఉంది! దొరికింది అనుకుని దాన్ని డెబిట్‌కి మార్చబోయాను, మారిస్తే గడి పచ్చగా అయిపోయేది కూడా, వోచర్ తీసి చూస్తే మాత్రం అది కరెక్టుగానే ఉంది, కిరాయి డెబిట్, క్యాష్ క్రెడిట్. వదిలేశా. తర్వాత తొమ్మిది సూత్రం పట్టుకున్నా, 2,250 తొమ్మిదితో సరిగ్గా పోతుంది, ఇక ఆ సాయంత్రమంతా తారుమారైన అంకెల కోసం బిల్లులన్నీ మళ్ళీ తిరగేశా. ఏమీ లేదు.

మర్నాడు పొద్దున్న తట్టింది, అసలు జర్నల్ షీట్‌లో D మొత్తం, E మొత్తం కూడి చూద్దామని. రెండూ పైసాతో సహా సమానం! అంటే నేను రాసిన ఎంట్రీల్లో తేడా లేదు, జర్నల్ నుంచి అంకణాకి వెళ్ళే దారిలో ఎక్కడో ఒకటి జారిపోయింది. చివరికి దొరికింది ఒక కొనుగోలు బిల్లు: కొనుగోళ్ళు డెబిట్ 25,000, `Input CGST` డెబిట్ 2,250, `Input SGST` డెబిట్ 2,250, సప్లయర్ క్రెడిట్ 29,500. అందులో `Input SGST` అన్నదాన్ని వేరే షీట్ నుంచి కాపీ చేసి పేస్ట్ చేశా, దాని చివర ఒక ఖాళీ స్పేస్ ఉంది. కంటికి కనపడదు. కానీ SUMIFS కి అది వేరే పేరు, అంకణా జాబితాలో లేని పేరు, కాబట్టి ఆ 2,250 ఏ ఖాతాకీ చేరలేదు. (పెద్ద అక్షరం చిన్న అక్షరం తేడా అయితే పట్టించుకోదు, స్పేస్‌ని మాత్రం పట్టించుకుంటుంది.) ఖాతా పేర్లకి డ్రాప్‌డౌన్ పెట్టి ఉంది ఈ ఫైల్లో, అయినా పేస్ట్ చేస్తే ఆ కాపలా పని చెయ్యదు, పైగా ఆ గడిలో డ్రాప్‌డౌనే చెరిగిపోతుంది.

ఇంకోటి కూడా అప్పుడే అర్థమైంది. జీఎస్టీ 18 శాతం సరుకుకి సీజీఎస్టీ 9, ఎస్‌జీఎస్టీ 9 కదా, పన్ను కలపకముందు సరుకు విలువ వందల్లో ఉంటే పన్ను ఎప్పుడూ తొమ్మిదితో భాగించబడుతుంది! అంటే పన్ను వరస ఒకటి జారిపోయినప్పుడల్లా తొమ్మిది సూత్రం మనల్ని అంకెల తారుమారు వైపే లాక్కెళ్తుంది. ఆ సూత్రం తప్పని కాదు, చేత్తో పోస్టింగ్ చేసే రోజుల్లో బంగారం, కానీ మా షాపు లెక్కల్లో దాన్ని మొదట పట్టుకోకూడదు.

అప్పటినుంచి నా వరస ఇది. గడి ఎర్రబడితే ముందు జర్నల్ మొత్తాలు చూస్తా. అక్కడే తేడా ఉంటే ఏదో వోచర్ తప్పు. అక్కడ సమానంగా ఉండి అంకణాలో తేడా ఉంటే ఖాతా పేరు తప్పు. ఈ రెంటినీ విడగొట్టడం ఫైల్ తయారుచేసినవాళ్ళు చెయ్యాల్సిన పని, చెయ్యలేదు, నాకు పెద్ద ఫిర్యాదు ఇదే. రెండు కాలమ్స్ నేనే కలుపుకున్నా జర్నల్ షీట్‌లో, G లో మొదటిది, H లో రెండోది:

```
=ROUND(SUMIFS(D:D,B:B,B2)-SUMIFS(E:E,B:B,B2),2)
=COUNTIF(TB!A:A,C2)
```

మొదటిది ఆ వోచర్ వరకు డెబిట్ క్రెడిట్ తేడా చెప్తుంది, అంటే నెలాఖరు దాకా ఆగక్కర్లేదు, రాస్తున్నప్పుడే ఏ వోచర్ సరిపోలేదో కనపడుతుంది. ఒక్కటే షరతు, వోచర్ నంబరు ప్రతి వరసలోనూ వెయ్యాలి, మొదటి వరసలో వేసి కింద ఖాళీ వదిలేస్తే లెక్క తప్పుతుంది. రెండోది ఆ ఖాతా పేరు అంకణాలో ఎన్నిసార్లు ఉందో చెప్తుంది, 1 రావాలి. 0 వస్తే జారిపోయిన పేరు, 2 వస్తే జాబితాలో ఒకే ఖాతా రెండుసార్లు ఉంది, దాని నిల్వ రెండుసార్లు పడుతుంది. ఈ రెండు కాలమ్స్ పెట్టాక ఎర్ర గడి కోసం నేను పది నిమిషాలకంటే ఎక్కువ వెతకలేదు ఎప్పుడూ.

రెండో దెబ్బ ఇంకా పెద్దది, ఎందుకంటే అప్పుడు గడి పచ్చగానే ఉంది. పైన ఫార్ములాలో 500 చూశారా? రోజువారీ అమ్మకాలకే నాలుగు వరసలు, క్యాష్, సేల్స్, రెండు పన్నులు, దానికి కొనుగోళ్ళు ఖర్చులు కలిపితే నెలకి 130 దాకా అవుతాయి మాకు, జులై ఆఖరుకి 500 దాటిపోయింది. సరిగ్గా ఒక వోచర్ పూర్తయిన చోట 500వ వరస పడింది. దాని తర్వాత రాసిన ఎంట్రీల డెబిట్లూ క్రెడిట్లూ రెండూ కలిసే బయట ఉండిపోయాయి, కాబట్టి తేడా సున్నా! ఆగస్టంతా నేను రాస్తూనే ఉన్నా, అది పచ్చగా వెలుగుతూనే ఉంది. బ్యాంక్ లెడ్జర్‌ని పాస్‌బుక్‌తో సరిచూస్తే తెలిసింది, ఆగస్టులో వేసిన డిపాజిట్ ఒక్కటీ లెడ్జర్‌లో లేదు. నిజంగా భయమేసింది ఆ రోజు, ఎందుకంటే జీఎస్టీ అంకెలు కూడా ఇందులోంచే తీస్తాను నేను.

దానికి మందు రెండు రకాలు. ఒకటి, `$D$2:$D$500` అని ఉన్నచోటల్లా `$D:$D` లాగా మొత్తం కాలమ్ ఇచ్చెయ్యడం, C కీ E కీ కూడా అలాగే, SUMIFS కి దాంతో ఇబ్బంది లేదు. లెడ్జర్ షీట్‌లో FILTER కి కూడా ఇదే 500 హద్దు ఉంటుంది, అక్కడ మాత్రం నేను 5000 అని పెట్టుకున్నా. రెండోది, అంకణా మనకి నిల్వల పద్ధతిలో ఒక్కటే కాకుండా మొత్తాల పద్ధతిలో కూడా వేసుకోవడం. ప్రతి ఖాతాకీ నిల్వ తియ్యకుండా మొత్తం డెబిట్లు ఒక కాలమ్, మొత్తం క్రెడిట్లు ఒక కాలమ్. ఆ డెబిట్ల కూడిక `SUM(Journal!D:D)` తో సమానం కావాలి. కాకపోతే జర్నల్‌లో ఉన్నది అంకణాకి చేరలేదన్నమాట. నిల్వల అంకణాకి ఈ శక్తి లేదు, అది తన దగ్గరికి వచ్చినవి సమానమా కాదా అంతే చెప్తుంది.

ఇక చిన్నవి. ఒకసారి తేడా 0.00 అని చూపిస్తూ గడి ఎర్రగా ఉంది. పైసలున్న మొత్తాలు ఎన్నో కూడినప్పుడు కంప్యూటర్ లోపల ఎక్కడో పదో దశాంశ స్థానం దగ్గర చిన్న తేడా మిగులుతుంది, ఫార్ములాని ROUND లో పెట్టి రెండు దశాంశాలకి కుదిస్తే పోతుంది. ఇంకోటి, ఓపెనింగ్ బ్యాలెన్సులకి TB షీట్‌లో విడిగా కాలమ్ ఇచ్చారు, అది నాకు నచ్చలేదు, అక్కడ తప్పు పడితే ఏ వోచర్‌లోనూ దొరకదు, నేను ఏప్రిల్ 1 తారీఖుతో ఒకటో నంబరు వోచర్‌గా జర్నల్‌లోనే రాస్తున్నా.

ఖాతానే తప్పు వేస్తే మాత్రం ఇవేవీ పట్టుకోవు. ఇంటి కరెంటు బిల్లుని షాపు కరెంటులో వేశాం, అది బావగారి సొంతవాడకం, అయినా డెబిట్ డెబిటే కదా, పచ్చగానే ఉంటుంది. ఒకే బిల్లు రెండుసార్లు రాసినా అంతే. వీటికోసం నెలకోసారి బ్యాంకు, ముగ్గురు పెద్ద సప్లయర్ల స్టేట్‌మెంట్లు లెడ్జర్ పక్కన పెట్టుకుని కూర్చుంటా, అది మనిషే చెయ్యాలి. తేడా దొరకనప్పుడు అనామతు ఖాతాలో పడేసి పచ్చగా చేసే అలవాటు కొందరిది, నేను ఈ ఫైల్లో అనామతు ఖాతానే తీసేశా.

ఎవరు వాడొచ్చంటే, మాలాంటి ఒక్క మనిషి రాసే చిన్న షాపులు. కంపెనీ అయితే వద్దు. 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీలు వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మార్పుకీ ఎడిట్ లాగ్ ఉండాలని రూల్, ఈ ఫైల్లో పాత అంకె మీద కొత్తది కొడితే పాతది జాడ లేకుండా పోతుంది. ఆ భయంతోనే నేను ప్రతి నెలాఖరునా ఫైలుకి ఆ నెల పేరు పెట్టి ఒక కాపీ దాస్తున్నా, నెల ముగిశాక పాత ఎంట్రీ దిద్దను, తప్పు దొరికితే ఇవాళ్టి తారీఖుతో సవరణ ఎంట్రీ రాసి వివరంలో పాత వోచర్ నంబరు వేస్తా.