కొటేషన్ గుర్తుల సరిచూపు: వరుసగా చదవడమా, గుర్తులను వెతకడమా, మనిషి మనిషికీ విడదీయడమా – ఏది మేలు?

పోచంపల్లి నేతగాళ్ల మీద ఒక ఆదివారం కథనం సరిచూడటానికి మీ చేతికి వచ్చిందనుకుందాం. అందులో మగ్గం నేసేవారు, ఆసు పోసే ఇల్లాలు, రంగులద్దే పెద్దాయన, నూలు వ్యాపారి, సహకార సంఘంలో పనిచేసినవారు, వలస వెళ్లిన కుర్రవాడు, ఇలా ఎనిమిది తొమ్మిది మంది మాట్లాడుతున్నారు. వారిలో కొందరు తమ మాటల్లో మరొకరి మాటలను చెబుతున్నారు. ఇలాంటి రాతలో కొటేషన్ గుర్తులను సరిచూడటానికి మూడు పద్ధతులు వాడుకలో ఉన్నాయి. మొదటి పద్ధతిలో మొదటి నుంచి చివరి దాకా వరుసగా చదువుతారు. రెండవదానిలో చదవడం పక్కనపెట్టి, గుర్తులను మాత్రమే కంప్యూటర్‌లో వెతుకుతారు. మూడవదానిలో ఒక్కొక్కరి మాటలను విడిగా తీసి, రిపోర్టరు నోట్సుతో పోలుస్తారు. ఈ మూడింటికీ దొరికే తప్పులు వేరు, జారిపోయే తప్పులు వేరు. కింద ఇచ్చిన వాక్యాలన్నీ వివరణ కోసం నేను కూర్చినవే.

వరుసగా చదివే పద్ధతితో వచ్చే చిక్కు ఏమిటంటే, కథనం ఎంత బాగుంటే గుర్తులు అంత తక్కువగా కనిపిస్తాయి. కన్ను అర్థం వెంట పోతుంది, మూయని గుర్తును మనసు తానే మూసేస్తుంది. ఒకసారి నేనే అలా వదిలేశాను. ఒక అధికారి మాటల చివర మూసే గుర్తు లేదు, దాని తరువాత రిపోర్టరు రాసిన ఘాటైన వ్యాఖ్య ఉంది, ఆ వ్యాఖ్య కూడా అధికారి నోటి నుంచి వచ్చినట్లే అచ్చయింది. రెండుసార్లు చదివినా పట్టుకోలేకపోయిన ఆ తప్పును గుర్తుల వెతుకులాట ఒక్క నిమిషంలో చూపించి ఉండేది.

వెతికే పద్ధతికి ముందు ఒక పని ఉంది. కథనంలో నిటారు గుర్తులు, వంపు గుర్తులు కలిసిపోయి ఉంటే అన్నిటినీ వంపు గుర్తులుగా మార్చుకోవాలి, ఎందుకంటే నిటారు గుర్తుకు తెరిచే రూపమూ మూసే రూపమూ ఒకటే. ఆ తరువాత లిబ్రే ఆఫీస్ రైటర్‌లో Ctrl+H నొక్కి, Regular expressions పెట్టెలో టిక్ పెట్టి, ఈ అయిదింటినీ ఒక్కొక్కటిగా Find All తో వెతకవచ్చు.

```
“[^”]*“
”[^“]*”
^[^“]*”
“[^”]*$
‘[^’]*”
```

మొదటిది ఒకసారి తెరిచి, మూయకుండా మళ్లీ తెరిచిన చోటును పట్టిస్తుంది. రెండవది తెరవకుండా రెండుసార్లు మూసిన చోటును, మూడవది పేరా మొదట్లో తెరవకుండానే మూసిన చోటును చూపిస్తాయి. నాలుగవది పేరా ముగిసినా మూయని గుర్తును చూపిస్తుంది. అది ప్రతిసారీ తప్పు కాదు, ఎందుకంటే ఒకే మనిషి మాట రెండు మూడు పేరాలు సాగినప్పుడు ప్రతి పేరానూ తెరిచి, చివరి పేరాలో మాత్రమే మూయడం ఆనవాయితీ. కాబట్టి నాలుగవది చూపిన ప్రతి పేరా తరువాత పేరా తెరిచే గుర్తుతో మొదలవుతోందో లేదో చూస్తే చాలు. అయిదవది అన్నిటికన్నా విలువైనది. లోపలి ఒంటి గుర్తు మూతపడకముందే బయటి జంట గుర్తు మూతపడితే, అంటే రెండూ ఒకదానినొకటి దాటితే, లెక్క సరిపోయినట్లే ఉంటుంది కాని కూర్పు తప్పు. దానిని ఈ వెతుకులాట మాత్రమే తేలిగ్గా పట్టుకుంటుంది. ఇంగ్లీషులో ఒంటి గుర్తును అపాస్ట్రఫీగా కూడా అడుగడుగునా వాడతారు గనుక అక్కడ ఇలాంటి లెక్కలు గందరగోళమవుతాయి. తెలుగులో ’90ల వంటి సంవత్సరాల దగ్గర తప్ప ఆ బెడద ఉండదు. ఈ సౌకర్యం వల్లనే వెతికే పద్ధతి మనకు ఎక్కువ పనికివస్తుంది.

అయితే అన్ని గుర్తులూ జతగా ఉండి కూడా వాక్యం తప్పు కావచ్చు. ఈ పేరాను చూడండి.

“గుంట మగ్గంలో కూర్చుంటే కాళ్లు లాగేస్తాయి. అయినా మా అత్త ‘నేత మానితే తిండి ఎక్కడిది? అనేది’. అందుకే తాను మానలేదని” చెప్పారామె.

పైన చెప్పిన అయిదు వెతుకులాటలూ దీనిని వదిలేస్తాయి, ఎందుకంటే తెరిచిన ప్రతి గుర్తూ మూతపడింది, ఏదీ మరొకదానిని దాటలేదు. కాని ఇక్కడ మూడు తప్పులున్నాయి. అత్త అన్నది ‘తిండి ఎక్కడిది?’ అన్నంతవరకే, ‘అనేది’ అన్న క్రియ కోడలిది. రెండవది, ‘తాను’ అన్న మాట. తెలుగులో ఒకరి మాటను మరొకరు తిప్పి చెప్పేటప్పుడు ‘నేను’ స్థానంలో ‘తాను’ వస్తుంది. అది గుర్తుల లోపల కనిపించిందంటే అది ఆమె నోటి మాట కాదు, రిపోర్టరు తిప్పి రాసినది. మూడవది, ‘మానలేదు’, ‘అని’ కలిసి ‘మానలేదని’ అయిన చోట మూసే గుర్తు పెట్టడం. ‘అని’ రిపోర్టరుది, దానికి ముందున్న మాట ఆమెది, సంధి కుదిరిన తరువాత ఆ రెండింటి నడుమ గుర్తు పెట్టే చోటే లేదు.

దీనిని రెండు విధాలుగా దిద్దవచ్చు. నోట్సులో ఆమె మాట అలాగే ఉంటే:

“గుంట మగ్గంలో కూర్చుంటే కాళ్లు లాగేస్తాయి. అయినా మా అత్త ‘నేత మానితే తిండి ఎక్కడిది?’ అనేది. అందుకే నేను మానలేదు” అని చెప్పారామె.

చివరి మాట రిపోర్టరు సారాంశమే అయితే:

“గుంట మగ్గంలో కూర్చుంటే కాళ్లు లాగేస్తాయి. అయినా మా అత్త ‘నేత మానితే తిండి ఎక్కడిది?’ అనేది.” అందుకే తాను మానలేదని చెప్పారామె.

ఏది సరైనదో కథనంలో లేదు, నోట్సులోనో రికార్డింగులోనో ఉంది. సరిచూసేవారు ‘తాను’ను ‘నేను’గా మార్చేసి ఊరుకుంటే ఆమె అనని మాటను ఆమె నోట పెట్టినట్లవుతుంది. మూడవ పద్ధతి అవసరం ఇక్కడే వస్తుంది. ఒక్కొక్కరి మాటలను వేరే పేజీలోకి ఎత్తి రాసుకుని, లేదా ప్రింటు మీద ఒక్కొక్కరికి ఒక్కో రంగు గీసుకుని, నోట్సులో వారి మాట ఎక్కడ ఆగిందో అక్కడే మూసే గుర్తు ఉందో లేదో చూడాలి. దీనికి సమయం ఎక్కువ పడుతుంది, అది దీని లోపం. కాని ఎవరి మాట ఎవరికి అంటుకుందో తేలేది దీనితోనే. తెలుగులో ‘అన్నారు ఫలానా ఆయన’ అన్నది సాధారణంగా మాట చివరన వస్తుంది గనుక, ఒకే పేరాలో ఇద్దరి మాటలు పక్కపక్కన పడితే రెండవవారి మాటను పాఠకుడు మొదటివారికే జమకట్టుకుని చదువుతాడు. రంగులు గీసిన పేజీలో అలాంటి పేరా వెంటనే కంటికి తగులుతుంది. అక్కడ పేరా విడగొట్టాలి, లేదా మాట్లాడేవారిని ముందే చెప్పాలి.

ఈ పని కొంత తగ్గించుకోవడానికి మరో మూడు చిన్న వెతుకులాటలు ఉన్నాయి. ని” అని వెతికితే సంధి చివర మూసిన చోట్లు వస్తాయి. ‘దానిని’, ‘అతనిని’ లాంటివి కూడా వాటిలో కలుస్తాయి, చూసి వదిలేయాలి. ‘తాను’, ‘తన’, ‘తమ’ వెతికి అవి గుర్తుల లోపల ఉన్నాయా అని చూడాలి. ఆ వాక్యంలోనే ‘ఆయన తన కొడుకును’ అన్నట్లు మరొకరిని సూచిస్తే తప్పు లేదు. ఇక ’” అని, ఒంటి గుర్తూ జంట గుర్తూ ఆనుకుని మూతపడిన చోట్లను వెతకాలి. ఇంగ్లీషులో అది మామూలే. మనకు లోపలి మాట తరువాత సాధారణంగా ‘అనేది’, ‘అన్నాడు’ వంటి క్రియ రావాలి గనుక, రెండు గుర్తులూ తగిలాయంటే ఆ క్రియ లోపలికి జారిందనో, అసలు లేదనో అనుమానించాలి. “మాకు ఊరివాళ్లు పెట్టిన పేరు ‘ఆసు పిల్లలు’” వంటి క్రియ లేని వాక్యం మాత్రం సరైనదే.

మాటలో మాట, దానిలో మరో మాట వస్తే గుర్తులను మూడు అంచెలుగా పేర్చడం మేలా, తిప్పి రాయడం మేలా అన్న ప్రశ్న కూడా వస్తుంది. “మా నాన్న ‘షావుకారు “నూలు అరువివ్వను” అన్నాడు’ అని ఇంటికొచ్చి చెప్పేవాడు” అన్నది వ్యాకరణానికి సరిపోతుంది, కంటికి సరిపోదు. మాట్లాడిన ఆయన అనుమతిస్తే “షావుకారు నూలు అరువివ్వనన్నాడని మా నాన్న ఇంటికొచ్చి చెప్పేవాడు” అని రాస్తే గుర్తులు ఒక్క జతకు తగ్గుతాయి. ఆయన మాటలనే మార్చకూడదన్న నియమం ఉన్న చోట, నడిమి అంచెలోని ఒంటి గుర్తులను తీసేసి, అన్నిటికన్నా లోపలి మాటకు జంట గుర్తులకు బదులు ఒంటి గుర్తులు పెట్టడం మధ్యేమార్గం. బయట జంట, లోపల ఒంటి అన్న వరుసనే నేను కోరుకుంటాను, ఎందుకంటే ఇలాంటి కథనాల్లో ‘చిటికి’, ‘ఆసు’ వంటి పనిమాటలకు ఎలాగూ ఒంటి గుర్తులు పడతాయి, బయటివి కూడా ఒంటివే అయితే ఏది ఎక్కడ మూతపడిందో తెలియదు.

చుక్క, కామాల విషయంలో మూడు అలవాట్లు కనిపిస్తాయి: “ఊరు వదిలేశాం.” అన్నారు, “ఊరు వదిలేశాం,” అన్నారు, “ఊరు వదిలేశాం” అన్నారు. మొదటిదానిలో వాక్యం నడుమ చుక్క పడి పాఠకుడు ఆగిపోతాడు. రెండవది ఇంగ్లీషు అచ్చు అలవాటు. మనకు ‘అన్నారు’, ‘అని’ అన్న మాటలే మాట ముగిసిందని చెబుతున్నాయి గనుక ఆ కామాకు పని లేదు. నా ఓటు మూడవదానికి. ప్రశ్నార్థకం మాత్రం అడిగినవారిదైతే లోపలే ఉండాలి: “ఎందుకు మానాలి?” అని అడిగారు. అడిగింది రిపోర్టరు అయితే బయట ఉండాలి: “మగ్గం అమ్మేశాం” అని ఎంతమంది ఒప్పుకుంటారు? మాట తరువాత ‘అన్నారు’ లేకుండా వాక్యం ముగిసిపోతే చుక్క లోపలే.

సమయం ఉంటే ముందు వెతుకులాట, తరువాత మనిషి మనిషికీ విడదీసి నోట్సుతో పోల్చడం, చివర ఒకసారి వరుసగా చదవడం నేను పాటించే క్రమం. దిద్దుబాట్లలో కొత్త గుర్తులు పడతాయి గనుక వెతుకులాటను పేజీ వెళ్లే ముందు మరోసారి నడుపుతాను. అరగంట మాత్రమే ఉంటే వరుసగా చదవడాన్నే వదులుకుంటాను. ఆ అరగంటలో మొదటి అయిదు నిమిషాలు వెతుకులాటకు, మిగిలినదంతా మాటలో మాట ఉన్నవారి నోట్సుకు, ఎవరి మాట వల్ల మరొకరికి నష్టం కలగవచ్చో వారి నోట్సుకు పెడతాను.