డ్రాఫ్ట్, స్టాండర్డ్, హై: కాగితాల ప్రింటుకు ఏది మేలు?

చెన్నై పెరంబూరులో ఉండే మా పిన్ని ఆదివారాలు చుట్టుపక్కల తెలుగువాళ్ల పిల్లలకు ఇంట్లోనే అక్షరాలు నేర్పుతుంది. వాళ్లకిచ్చే షీట్లన్నీ ఇంట్లో ఉన్న ఇంక్ ట్యాంక్ ప్రింటర్‌లో తీస్తుంది. పిల్లలు చూసి రాసేవి కదా, స్పష్టంగా ఉండాలని క్వాలిటీ దగ్గర ఎప్పుడూ 'హై' పెట్టేది. "క్వాలిటీ పెంచేకొద్దీ అక్షరం ముద్దగా వస్తోందేంట్రా?" అని ఒకరోజు అడిగింది. ఆవిడ కళ్లకు కనబడింది నిజమే. ఎందుకలా జరుగుతుందో తెలిస్తే, ఏ పనికి ఏ మోడ్ పెట్టుకోవాలో కూడా తేలిపోతుంది.

తెలుగు అక్షరాలు ఈ తేడాను బాగా పట్టిస్తాయి. ద, ధ, థ మూడూ ఒకే రూపం నుంచి వచ్చినవి. కింద చిన్న గీత ఉంటే ధ, ఆ గీతతో పాటు కడుపులో చుక్క కూడా ఉంటే థ. 11 పాయింట్ల సైజులో ఆ గీత మందం ఓ 0.2 మిల్లీమీటర్లు ఉంటుందనుకుందాం. ఒకే షీటును మూడు మోడ్‌లలో తీసి, ఫోన్ కెమెరా జూమ్ చేసి చూడండి. డ్రాఫ్ట్‌లో ధ కింద గీత పల్చగా, అక్కడక్కడా తెగినట్టు ఉంటుంది. స్టాండర్డ్‌లో విడిగా, నల్లగా కనబడుతుంది. హైలో నలుపు చిక్కగానే ఉంటుంది గానీ అంచులు పీచులు పీచులుగా పక్కకు పాకి, థ కడుపులో చుక్క చుట్టూ ఉన్న తెలుపును మింగేస్తుంటాయి. కాగితం తిప్పి చూస్తే వెనకవైపుకు కూడా మసక దిగి ఉంటుంది.

క్వాలిటీ పెంచితే డి.పి.ఐ. పెరుగుతుంది. డి.పి.ఐ. అంటే అంగుళానికి ఎన్ని చుక్కలు అన్న లెక్క. 600 డి.పి.ఐ.లో రెండు చుక్కల కేంద్రాల మధ్య దూరం 0.042 మిల్లీమీటర్లు. అంటే ధ కింద గీత మందంలో దాదాపు ఐదు చుక్కలు పడతాయి. ఆ గీతను శుభ్రంగా గీయడానికి అవి చాలు. కాగితాన్ని 30 సెంటీమీటర్ల దూరంలో పెట్టుకుని చదివే మామూలు కన్ను విడదీసి చూడగలిగేది అంగుళానికి సుమారు 300 చుక్కల వరకే.

మరి ప్రింటర్ బాక్సు మీద 5760 డి.పి.ఐ. అని వేస్తారు కదా అనొచ్చు. అది ఇంకు చుక్కను ఎంత దగ్గర దగ్గరగా పెట్టగలదో చెప్పే అంకె. చుక్క ఎంత చిన్నదో దాన్నిబట్టి తెలియదు. 5760 అంటే స్థానాల మధ్య దూరం 4.4 మైక్రాన్లు. మూడు పికోలీటర్ల ఇంకు బొట్టు గాల్లో ఉన్నప్పుడే దాదాపు 18 మైక్రాన్ల వెడల్పుంటుంది, కాగితం మీద పడ్డాక ఇంకా వ్యాపిస్తుంది. ముగ్గు చుక్కలు ఎంత దగ్గరగా పెట్టినా, ఒక్కో చుక్క బొటనవేలంత ఉంటే అన్నీ కలిసిపోతాయి కదా, ఇదీ అంతే. అంత దగ్గరగా పెట్టగలగడం ఫోటోలో రంగుల మెట్లు కనబడకుండా కలపడానికి పనికొస్తుంది. అక్షరం అంచుకు దాంతో పెద్దగా పనిలేదు.

ఇక మోడ్‌ల సంగతి. హై పెట్టగానే మారేది డి.పి.ఐ. ఒక్కటే కాదు. చాలా ఇంక్‌జెట్‌లలో ఇంకు చల్లుతూ అటూ ఇటూ తిరిగే హెడ్ నెమ్మదిస్తుంది, ఒకే గీత మీదుగా ఎక్కువసార్లు పోతుంది, కొన్నిట్లో రానూ పోనూ కాకుండా ఒకే దిశలో ప్రింటు చేస్తుంది. ఇంకు కూడా ఎక్కువ పడుతుంది. పైన పూత ఉన్న ఫోటో పేపర్ ఆ ఇంకును పడినచోటే పట్టుకుంటుంది. మామూలు 75 జి.ఎస్.ఎం. కాపియర్ కాగితంలో పూత లేదు, ఉన్నది పీచు. ఇంకు ఆ పీచు వెంబడి పాకుతుంది. చెన్నైలో ఇంకో చిక్కు కూడా ఉంది. కట్ట విప్పి ట్రేలో వదిలేసిన కాగితం గాలిలో తేమ పీల్చుకుని మెత్తబడుతుంది. అలాంటి కాగితం మీద హై మోడ్‌లో పడే అదనపు ఇంకు ఇంకా దూరం పాకుతుంది, షీటు అలలు అలలుగా ఉబ్బుతుంది, రెండోవైపు ప్రింటుకు పెడితే ఇరుక్కుంటుంది కూడా. పిన్నికి నేను మొదట చెప్పింది మోడ్ మార్చమని. రెండోది, మిగిలిన కాగితాన్ని దాని కవరులోనే మడిచి పెట్టి, ఆ పూటకు కావలసినన్నే ట్రేలో వేయమని.

హై వైపు జనాన్ని లాగే ఇంకో కారణం ఉంది. స్టాండర్డ్‌లో అక్షరాల మీదుగా సన్నని తెల్ల గీతలు వస్తుంటాయి, హై పెట్టగానే పోతాయి. దాంతో స్టాండర్డ్ పనికిరాదని అనుకుంటాం. నిజానికి హెడ్‌లో ఇంకు వచ్చే సన్నని రంధ్రం, అంటే ఏదో నాజిల్ మూసుకుపోయింది. హైలో ఒకే చోట ఎక్కువసార్లు పోవడం వల్ల పక్క నాజిళ్లు ఆ లోటును కప్పేస్తున్నాయి, అంతే. అలాంటప్పుడు నాజిల్ చెక్ పేజీ తీసి, గీతలు తెగి ఉంటే ఒకసారి హెడ్ క్లీనింగ్ చేయాలి. క్లీనింగ్‌కూ ఇంకు ఖర్చవుతుంది కాబట్టి వరసపెట్టి చేయకండి. ఒకసారి చేసి, మళ్లీ చెక్ పేజీ తీసి చూసుకోండి.

డ్రాఫ్ట్‌ను తక్కువ చేయక్కర్లేదు. మనమే చదివి దిద్దుకుని పడేసే కాగితాలకు అదే మేలు. కానీ హెడ్ రానూ పోనూ వేగంగా ప్రింటు చేస్తుంది కాబట్టి అలైన్‌మెంట్ కాస్త తప్పినా నిలువు గీతలు వంకర్లు పోతాయి. క్యూఆర్ కోడ్, బార్‌కోడ్ ఉన్న హాల్‌టికెట్లు, బిల్లులు, ఎవరికైనా సమర్పించే దరఖాస్తులు డ్రాఫ్ట్‌లో తీయొద్దు. స్కానర్ చదవకపోతే గేటు దగ్గర అనవసరమైన టెన్షన్. ఒత్తులు దిద్దే పిల్లలకు కూడా డ్రాఫ్ట్ ఇవ్వొద్దు, తెగిన గీతను తెగినట్టే నేర్చుకుంటారు.

ఈ మూడు మోడ్‌ల కంటే ఎక్కువ తేడా తెచ్చే సెట్టింగు పక్కనే ఉంటుంది, పేపర్ టైప్. హై అనేది కొన్ని ప్రింటర్లలో ప్లెయిన్ పేపర్‌కు దొరకదు. అది కావాలని కొందరు ట్రేలో మామూలు కాగితమే ఉన్నా 'ఫోటో పేపర్' ఎంచుకుంటారు. అక్షరాల కోసం విడిగా నీటిలో కరగని పిగ్మెంట్ నలుపు ఉన్న ప్రింటర్లలో ఇలా చేస్తే ఆ నలుపును పక్కన పెట్టి, మిగతా ఇంకులతో నలుపు కలుపుతుంది. అక్షరం గోధుమ రంగుకో నీలానికో తిరుగుతుంది, తడి తగిలితే కారుతుంది. నిజంగా ఫోటో పేపర్ పెట్టినప్పుడు మాత్రం పేపర్ టైప్ మార్చి హై పెట్టండి, అక్కడ దాని పని దానిది. అయితే ఫోటోలో కూడా సరుకుండాలి. వాట్సాప్‌లో వచ్చిన 800 పిక్సెళ్ల బొమ్మను ఎనిమిది అంగుళాల వెడల్పున తీస్తే అంగుళానికి వంద పిక్సెళ్లే, ఏ మోడ్ పెట్టినా అందులో లేని వివరం రాదు.

లేజర్ ప్రింటర్‌కు ఇంకు పాకే బెడద లేదు. అక్కడ 600, 1200ల మధ్య అక్షరాల్లో తేడా భూతద్దం పెడితేనే తెలుస్తుంది. చుక్కల గుంపులతో చూపించే బూడిద రంగు ఛాయల్లో, సన్నని గీతల ప్లానుల్లో 1200 పనికొస్తుంది. కొన్ని మోడళ్లలో 1200 పెడితే వేగం తగ్గుతుంది. ఒప్పందాలకు, దరఖాస్తులకు 600 చాలు.

పిన్ని ప్రింటర్‌లో ఇప్పుడు ప్లెయిన్ పేపర్, స్టాండర్డ్ పెట్టి ఉంచాం. కంప్యూటర్‌లో ప్రింట్ బాక్సులో మారిస్తే చాలాసార్లు ఆ ఒక్క ప్రింటుకే పనిచేస్తుంది, కాబట్టి ప్రింటర్ సెట్టింగుల్లో 'ప్రింటింగ్ ప్రిఫరెన్సెస్' తెరిచి అక్కడే మార్చాలి. షీట్లలో ధ, థ, ఢ, ఠ ఉన్న వరసలను మాత్రం 11 నుంచి 16 పాయింట్లకు పెంచాం. చుక్క చుట్టూ తెలుపు మిగలడానికి హై మోడ్ కంటే అదే ఎక్కువ సాయపడింది.