దిగుమతి ఫోను, n28 బ్యాండు, కోనసీమలో మా ఇల్లు: ఏడాది దాటిన వాడకం తరువాత

ఈ ఫోను కెమెరా గురించి, బ్యాటరీ గురించి ఇప్పటికే చాలామంది రాశారు కాబట్టి నేను వాటి జోలికి వెళ్లను. మన దేశంలో అమ్మని ఈ మోడల్‌ను దుబాయ్‌లో ఉద్యోగం చేస్తున్న మా చిన్నాన్నగారి అబ్బాయి చేత తెప్పించుకుని ఏడాది దాటింది. ఇన్నాళ్ల వాడకంలో నాకు అన్నిటికంటే ఎక్కువ ఆనందం ఇచ్చినది, ప్రకటనల్లో ఎక్కడా కనిపించని ఒక చిన్న అంశం: దీని 5జీ బ్యాండుల జాబితాలో, అంటే ఫోను అందుకోగల రేడియో పౌనఃపున్యాల జాబితాలో, n28 ఉండడం.

మా ఇల్లు ముమ్మిడివరం వైపు, కాలువకు ఇవతల ఉంది. టవరు కాలువకు అవతల, కొబ్బరితోటల వెనుక, కిలోమీటరున్నర దూరంలో ఉంటుంది. పైన శ్లాబు, చుట్టూ చెట్లు. వసారాలో కూర్చుంటే ఏ ఫోనైనా పనిచేస్తుంది. నడిమి గదిలోకి వచ్చేసరికి ఫోను ఏ బ్యాండును అందుకోగలదన్నది తేలిపోతుంది. నాకు ఇది వినోదానికి సంబంధించిన విషయం కాదు. రొయ్యల చెరువుల దగ్గర రాత్రిపూట కరెంటు పోయి ఏరేటర్లు ఆగితే కాపలా మనిషి ఫోను చేస్తాడు, ఆ ఫోను నేను పడుకునే నడిమి గదిలో మోగి తీరాలి.

అందుకే కొనే ముందు మా తమ్ముడిని ఫోను పేరు కాక పెట్టె మీది మోడల్ నంబరును ఫోటో తీసి పంపమని అడిగాను. ఒకే పేరుతో కంపెనీలు అమెరికాకు ఒకటి, జపాన్‌కు ఒకటి, మిగతా దేశాలకు ఒకటి చొప్పున వేర్వేరు మోడళ్లు తయారు చేస్తాయి. చివరి అక్షరం మారితే లోపలి బ్యాండులు మారతాయి. ఆ నంబరును తయారీదారు సొంత పేజీలోనే చూడాలి, ఎందుకంటే ఫోన్లను పోల్చి చూపే ఇతర పేజీలు చాలాసార్లు అన్ని దేశాల బ్యాండులనూ కలిపి ఒకే జాబితాగా వేస్తాయి. నేను వెతికినవి కొన్నే. జియో 4జీకి 3, 5, 40. ఎయిర్‌టెల్ 4జీకి 1, 3, 8, 40. 5జీకి ఇద్దరికీ 3,500 మెగాహెర్ట్జ్ ప్రాంతంలోని n78, జియోకు అదనంగా n28. ఇక్కడ తెలియాల్సిన సంగతి ఒకటి ఉంది. జాబితాలో 4జీ వరుసలో 28 కనిపించినంత మాత్రాన 5జీ వరుసలో n28 ఉన్నట్టు కాదు. రెండూ ఒకే 700 మెగాహెర్ట్జ్ ప్రాంతంలోనివే అయినా ఫోను వాటిని వేర్వేరుగా నేర్చి ఉండాలి. 4జీ వరుసలోని 28 బీఎస్ఎన్ఎల్ వాడేవారికి పనికొస్తుంది, జియో 5జీకి మాత్రం అక్కరకు రాదు.

ఈ తేడా ఎంతటిదో సంక్రాంతికి మా అక్క, బావగారు డల్లాస్ నుంచి వచ్చినప్పుడు కళ్లారా చూశాను. అక్క చేతిలోనూ ఇదే పేరు గల ఫోను ఉంది, అయితే అది అక్కడి నెట్‌వర్క్ దుకాణంలో కొన్న అమెరికా మోడల్. వాయిదాలు తీరిపోయి లాక్ తీయించుకున్నది కాబట్టి మన సిమ్ వేయడానికి అడ్డంకి లేదు. వచ్చిన రోజే, "ఒరేయ్, నా ఫోనులో కూడా 5జీ అనే వస్తోంది, మరి వీడియో కాల్ లోపలికి రాగానే ఎందుకు ముక్కలవుతోందిరా?" అని అడిగింది. అమలాపురంలో బట్టల షాపు దగ్గర తన ఫోనే వేగంగా ఉందని బావగారు కూడా అన్నారు, అదీ నిజమే.

అప్పుడు ఇద్దరి ఫోన్లనూ పక్కపక్కన పెట్టి పరీక్షించాం. పోలిక న్యాయంగా ఉండాలని నా జియో సిమ్‌నే ముందు నా ఫోనులో, తరువాత అక్క ఫోనులో వేశాను. డయల్ చేసే చోట ఈ అంకెలు కొడితే ఆండ్రాయిడ్ ఫోన్లలో ఒక లోపలి పేజీ తెరుచుకుంటుంది. కొన్ని కంపెనీలు దాన్ని మూసేస్తాయి, ఈ రెంటిలోనూ తెరుచుకుంది.

```
*#*#4636#*#*
```

అందులో నెట్‌వర్క్ రకాన్ని ఎంచుకునే చోట NR only అని పెడితే ఫోను 4జీ వైపు చూడకుండా 5జీని మాత్రమే వెతుకుతుంది. జియో 5జీ 4జీ ఆసరా లేకుండా సొంతంగా నిలబడే రకం కాబట్టే ఈ పరీక్ష దానితో కుదురుతుంది. 4జీని ఆధారంగా పట్టుకుని నడిచే రకం 5జీతో ఇలా చేస్తే సిగ్నలే పోతుంది. ఏ బ్యాండు మీద ఉన్నామో చూడడానికి NetMonster అనే యాప్ వాడాను. అది NR-ARFCN అని, ఫోను ఏ పౌనఃపున్యం మీద ఉందో తెలిపే ఒక ఆరంకెల సంఖ్య చూపిస్తుంది. అది 620000కూ 653333కూ మధ్య ఉంటే n78, 151600కూ 160600కూ మధ్య ఉంటే n28. అంటే మొదటి అంకె 6 అయితే మధ్య బ్యాండు, 1 అయితే కింది బ్యాండు అని గుర్తుపెట్టుకుంటే మా దగ్గరికి సరిపోతుంది.

వసారాలో రెండు ఫోన్లూ 6తో మొదలయ్యే సంఖ్యే చూపించాయి, సిగ్నల్ బలం రెంటిలోనూ -98కి అటూఇటూగా ఉంది. ఈ అంకె సున్నాకు ఎంత దగ్గరైతే అంత బలం. -110 దాటితే బలహీనం. ద్వారబంధం దాటి నడిమి గదిలోకి వెళ్లగానే అక్క ఫోను -119కి పడి, కాసేపు ఊగిసలాడి, చివరికి సిగ్నల్ లేదని చెప్పేసింది. నా ఫోనులో అదే చోట సంఖ్య 15తో మొదలయ్యేదానికి మారి, బలం -97 దగ్గర నిలబడింది. సిమ్ ఒకటే, టవరూ ఒకటే, గది కూడా అదే. అక్క మోడల్ జాబితాలో n77, n78, n71 అన్నీ ఉన్నాయి, n28 ఒక్కటే లేదు.

బావగారు జాబితా చూసి, n71 కూడా కింది బ్యాండే కదా, అది సరిపోదా అని అడిగారు. సరిపోదు. n71 అమెరికాలో వాడే 600 మెగాహెర్ట్జ్ బ్యాండు. టవరు నుంచి ఫోనుకు వచ్చే సంకేతం అక్కడ 617 నుంచి 652 మధ్య ఉంటుంది, n28లో అది 758 నుంచి 803 మధ్య ఉంటుంది. 2022లో మన దేశంలో 600ను కూడా వేలానికి పెట్టారు గాని ఎవరూ కొనలేదు. కాబట్టి n71 ఉన్న ఫోనుకు ఇక్కడ ఆ బ్యాండులో వినడానికి ఏమీ లేదు.

గదిలోపల ఇంత తేడా రావడానికి కారణం తరంగం పొడవు. 700 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగం దాదాపు 43 సెంటీమీటర్లు, 3,500 దగ్గర 9 సెంటీమీటర్లకు కాస్త తక్కువ. పొట్టి తరంగాన్ని గోడలూ ఆకులూ ఎక్కువగా మింగేస్తాయి. మా దగ్గర వానాకాలంలో కొబ్బరాకులు తడిసి ఉన్నప్పుడు వసారాలో కూడా n78 కిందికి దిగుతుంది, అలాంటి రోజుల్లో నా ఫోను బయట కూడా n28 మీదికి మారడం చూశాను.

అలాగని అక్క ఫోను ఎందుకూ పనికిరాలేదని రాస్తే అన్యాయం అవుతుంది. NR only తీసేసి మామూలు అమరికకు తెచ్చాక అది నడిమి గదిలో 4జీ బ్యాండు 5 మీద, అంటే 850 మెగాహెర్ట్జ్ మీద నిలబడింది. కాల్స్ వచ్చాయి, వాట్సాప్ సందేశాలు వెళ్లాయి. అమెరికాలో కూడా ఆ బ్యాండు వాడుకలో ఉంది కాబట్టి అక్కడి ఫోన్లలో అది ఉంటుంది, అదే అక్కను కాపాడింది. రాత్రి ఏడు దాటి ఊళ్లో అందరూ ఇళ్లకు చేరాక బ్యాండు 5 కిక్కిరిసిపోయి వీడియో ఆగడమే ఇబ్బంది.

n28ను నేను మొదట్లో మెచ్చుకున్నంతగా ఇప్పుడు మెచ్చుకోలేను. అది లోపలికి వస్తుంది గాని వేగం తేదు. జియో 2022 వేలంలో 700లో కొన్నది ప్రతి సర్కిల్‌లోనూ 10 మెగాహెర్ట్జ్‌ల జత, అంటే పంపడానికి 10, అందుకోవడానికి 10 మాత్రమే. n78లో ఒక్క ఛానల్ 100 మెగాహెర్ట్జ్ వరకూ వెడల్పు ఉండగలదు. వసారాలో క్షణాల్లో దిగే ఫైలు నడిమి గదిలో నిమిషాలు తీసుకుంటుంది. పెద్ద ఫైళ్లు పంపాలంటే నేనూ వసారాలోకే వస్తాను. నా రెండో సిమ్ ఎయిర్‌టెల్. ఆ సంస్థ ఆ వేలంలో 700 కొనలేదు కాబట్టి ఆ సిమ్‌కు ఈ ఫోనులోని n28తో ప్రయోజనమే లేదు. లోపల అది 4జీ బ్యాండు 8 మీద, అంటే 900 మీద నిలబడుతుంది. పైన 5జీ గుర్తు కనిపిస్తున్నా యాప్ తెరిస్తే 4జీ మాత్రమే ఉన్న సందర్భాలు ఆ సిమ్‌తో ఎన్నో చూశాను. 4జీ టవరు తనకు 5జీ తోడు ఉండవచ్చని చెప్పినా ఆ గుర్తు వెలుగుతుంది, కాబట్టి దాన్ని ఆధారంగా తీసుకోకూడదు.

బ్యాండులు సరిపోయినా నన్ను నిజంగా బాధపెట్టినది కాల్స్ విషయం. ఈ మోడల్ ఇక్కడ అమ్మరు కాబట్టి మన నెట్‌వర్క్‌ల అమరికలు దీనిలో సరిగ్గా ఉంటాయన్న హామీ లేదు. ఒక సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ తరువాత ఇంటర్నెట్ మామూలుగానే ఉంది, జియో కాల్స్ మాత్రం ఆగిపోయాయి. జియోకు 2జీ, 3జీ లేవు. కాల్ కూడా డేటా మార్గంలోనే నడవాలి, అందుకు ఫోను నెట్‌వర్క్‌లోని IMS అనే వ్యవస్థలో నమోదు కావాలి, ఆ నమోదు జరగకపోతే ఫోను మోగదు. ఆ రాత్రి కాపలా మనిషి నాకు చేసి చేసి, దొరకక, ఎయిర్‌టెల్ నంబరుకు చేశాడు. ఆ సిమ్ 2జీకి దిగి కాల్ అందుకుంది కాబట్టి జనరేటరు వేయించగలిగాను. పొద్దున్న ఆ లోపలి పేజీలోనే IMS Service Status నొక్కి చూస్తే Not registered అని ఉంది. నెట్‌వర్క్ అమరికలను రీసెట్ చేసి, సిమ్ తీసి మళ్లీ వేశాక Registered అని వచ్చింది. కంపెనీవారికి రాస్తే మీ దేశంలో ఈ మోడల్‌కు సేవ లేదని జవాబు ఇచ్చారు.

ఇలాంటి ఇంట్లో, జియో సిమ్‌తో ఉండేవారైతే n28 ఉన్న మోడల్ నంబరు దొరికేదాకా ఆగమనే చెబుతాను. రాజమహేంద్రవరంలోనో కాకినాడలోనో టవరు దగ్గర్లో ఉండేవారికి అక్క ఫోను కూడా సరిపోవచ్చు. చెరువు గట్టు మీద, ఆరుబయట, నాకూ రెంటికీ తేడా కనబడలేదు. ఒక్క సిమ్ మీదే ఆధారపడేవారు, కాల్ తప్పితే నష్టపోయే పనిలో ఉన్నవారు అయితే, బ్యాండులన్నీ సరిపోయినా దిగుమతి ఫోనుకు ముందు ఇక్కడ అమ్మే ఫోన్లను చూడడం మంచిది. నేను మాత్రం దీన్నే వాడుతున్నాను, ఎయిర్‌టెల్ సిమ్ తీయకుండా, ప్రతి అప్‌డేట్ తరువాత ఆ IMS పేజీ చూసుకుని గాని రాత్రి పడుకోకుండా.