ఏది మేలు: కబుర్ల ఇంటర్వ్యూనా, కొలత పెట్టుకున్న ఇంటర్వ్యూనా?

మొదటిసారి ఇంటర్వ్యూ చేసేవాళ్లకు మూడు దారులుంటాయి. రెజ్యూమె ముందేసుకుని, మాటల్లో పెట్టి మనిషిని అంచనా వేయడం ఒకటి. అందరినీ అవే ప్రశ్నలు అడిగి, చివర్లో మొత్తం మీద ఒక అభిప్రాయానికి రావడం రెండోది. అవే ప్రశ్నలు అడుగుతూ, ఏ జవాబుకు ఎన్ని మార్కులో ముందే రాసిపెట్టుకోవడం మూడోది.

మొదటి దారి బెంగళూరులో ఎలా నడుస్తుందో మనకు తెలియంది కాదు. అవతలి మనిషి తెలుగు అని తెలియగానే "మీది ఏ ఊరండీ?" అంటాం. ఒంగోలంటే ఒంగోల్లో ఎక్కడ, ఏ కాలేజీ, ఇంటిపేరు చూసి ఫలానావాళ్లు మీకేమవుతారు... పది నిమిషాలు గడిచిపోతాయి. పని గురించి ఒక్క ముక్క తెలియదు గానీ, మనసు మాత్రం సరే అనేసి ఉంటుంది. ఆపైన తడబడితే మాట మనమే అందిస్తాం. హుబ్బళ్లి నుంచి వచ్చినవాళ్లకు ఆ పది నిమిషాలూ ఉండవు, ఆ అందింపూ ఉండదు. ఇంటర్వ్యూ మార్కులు తర్వాతి పనితీరుతో ఎంతవరకు కలుస్తున్నాయో పాత అధ్యయనాలను కలిపి మనస్తత్వ శాస్త్రవేత్త పాల్ సాకెట్ బృందం 2022లో మళ్లీ లెక్కవేసింది. పూర్తిగా కలిస్తే 1 అనుకుంటే, పద్ధతి ప్రకారం చేసిన ఇంటర్వ్యూలకు 0.42, కబుర్లవాటికి 0.19 వచ్చింది. 0.42 కూడా గొప్పేం కాదు, కానీ తేడా చిన్నది కాదు.

రెండో దారి చూడ్డానికి న్యాయంగానే ఉంటుంది. చాలా టీములు ఆగిపోయేదీ ఇక్కడే. ప్రశ్నలు ఒకటే అయినా తూకపురాళ్లు మారిపోతుంటాయి. సపోర్ట్ ఇంజనీర్ ఉద్యోగానికి ఇద్దరు వచ్చారనుకుందాం. చూసేవి నాలుగు: చిక్కు విడదీయడం, కస్టమర్‌తో మాట, షిఫ్టు అప్పగింత, కొత్తది నేర్చుకోవడం. మొదటి వ్యక్తి ఇంగ్లీషు గలగలా పారుతుంది. రెండో వ్యక్తి ఆగి ఆగి చెబుతారు. చివర్లో ఒకే మార్కు వేయమంటే, కస్టమర్‌తో మాట్లాడే తీరులో కనిపించిన మెరుపు మిగతా మూడింటి మీదా పడుతుంది.

మూడో దారిలో అప్పగింత గురించి ప్రశ్న ఇలా ఉంటుంది: "పూర్తికాని టికెట్‌ను తర్వాతి షిఫ్టుకు అప్పగించిన సందర్భం ఒకటి చెప్పండి. టికెట్‌లో ఏం రాశారు?" ఏమీ రాయకుండా ఫోన్లో చెప్పి వదిలేస్తే 1. తను చేసింది రాసి, మిగిలింది రాయకపోతే 3. ఏం ప్రయత్నించారు, ఏది పనిచేయలేదు, తర్వాత ఏం చేయాలి, కస్టమర్‌కు ఏ గడువు చెప్పారు అన్నీ రాస్తే 5. నడిమధ్య జవాబులకు 2, 4.

మొదటి వ్యక్తి "అప్పగింతలో నేను చాలా పక్కా" అంటూ రెండు నిమిషాలు మాట్లాడారు. "టికెట్‌లో ఏం రాశారు?" అని మళ్లీ అడిగితే "కాల్‌లో అంతా వివరించా" అన్నారు. 1. రెండో వ్యక్తి నత్తినత్తిగానే అయినా నాలుగూ చెప్పారు. 5. నాలుగు ప్రశ్నలూ అయ్యాక మొదటివారికి 3, 5, 1, 3 కలిపి 12, రెండోవారికి 4, 3, 5, 4 కలిపి 16. రెండో దారిలో ఈ ఉద్యోగం మొదటివారికే వెళ్లేది. అనుభవం లేని ఫ్రెషర్లే వస్తే ఆ ప్రశ్ననే "మీ షిఫ్టు అయిపోతోంది, టికెట్ తెగలేదు, ఏం చేస్తారు?" అని అందరికీ మార్చి అడగొచ్చు. కొలత అదే.

45 నిమిషాల్లో పలకరింపుకు 5, ఒక్కో ప్రశ్నకు 8 చొప్పున 32, వాళ్ల సందేహాలకు 5, మార్కులు సరిచూసుకోవడానికి 3 సరిపోతాయి. మార్కు ఏ ప్రశ్నకా ప్రశ్నకు వేసేయాలి, పక్కనే వాళ్లన్న మాట ఒక ముక్క రాసుకోవాలి. మరింత రాబట్టే ప్రశ్నలు కూడా ముందే రాసుకుని అందరినీ అడగాలి. లేకపోతే నచ్చినవాళ్లకు మూడు అవకాశాలు, నచ్చనివాళ్లకు ఒకటి దక్కుతాయి. ప్యానెల్లో అందరూ మార్కులు పంపేదాకా చర్చ మొదలుపెట్టకూడదు. సీనియర్ ముందుగా నోరు తెరిస్తే కొత్తవాళ్ల 2 కాస్తా 4 అయిపోతుంది.

ఈ దారికీ లోపాలున్నాయి. ప్రశ్నలు కన్సల్టెన్సీల వాట్సాప్ గ్రూపుల్లోకి తొందరగానే పాకుతాయి, కాబట్టి ఒక్కో అంశానికి ఒకే బరువున్న రెండు మూడు ప్రశ్నలు చేతిలో ఉండాలి. మరీ యాంత్రికంగా చదివితే అవతలివాళ్లు బిగుసుకుపోతారు. మొదటి 5 నిమిషాలు అందుకే. అయితే ఊరి గురించి కాదు, ఇంటర్వ్యూ ఎలా జరగబోతోందో చెప్పడానికి. ఒకటి రెండు మార్కుల తేడాను పట్టుకుని తీర్పు ఇవ్వకూడదు. అంత దగ్గరగా ఉంటే ఇద్దరికీ చిన్న పని ఒకటి ఇచ్చి చూడటం నయం. ఇక 16 వచ్చినవాళ్ల గురించి ప్యానెల్లో ఎవరైనా "ఎందుకో తేడాగా అనిపించింది" అంటే, ఏ ప్రశ్నకు, ఏ జవాబు దగ్గర అని అడగండి. చూపిస్తే మార్కు మళ్లీ చూడొచ్చు. చూపించలేకపోతే 16 అలాగే ఉంటుంది.