కడప నుంచి వచ్చిన ‘సేఫ్టీ’ రీలు: పాత ఫిల్ము డబ్బాలు కొనేవాళ్లు ఇది చదివాక కొనండి

పాత ఫొటో సామాన్లు పోగేసే పిచ్చి ఉన్నవాళ్ల కోసం ఇది రాస్తున్నా. నేను ఉండేది కర్నూలు వన్ టౌన్‌లో. మే నెలలో కడపలోని ఒక పాత సామాన్ల వ్యాపారి దగ్గర ఒక ట్రంకు పెట్టె కొన్నాను. ఆయన పేరు రాయను. పోగొట్టుకున్న డబ్బు కంటే, ఆ పెట్టెను మూడు రోజులు మా ఇంటి హాల్లో పెట్టుకున్నానన్న సంగతే నన్ను ఎక్కువ బాధిస్తోంది.

ఆయన చెప్పింది ఇదీ: ఇరవై రెండు మ్యాజిక్ లాంతరు స్లైడ్లు, ‘శుభ్రం చేసినవి’. టూరింగ్ టాకీస్ కాలం నాటి 35 మి.మీ. రీలు ఒకటి, వెయ్యి అడుగులది, ‘సేఫ్టీ ఫిల్మ్, భయం లేదు సార్’. మొత్తం ఎనిమిదిన్నర వేలు. సేఫ్టీ అంటే పాత నైట్రేట్ ఫిల్ములా భగ్గున అంటుకోని అసిటేట్ ఫిల్ము. దానికి రుజువు అడిగితే ఫొటో పంపించాడు. ఫిల్ము అంచు మీద ఇంగ్లీషు అక్షరాల్లో ‘సేఫ్టీ’ అని నిజంగానే ఉంది. నేను నమ్మింది ఆ ఫొటోనే.

పెట్టె బస్సు పార్సిల్‌లో వచ్చింది. మే నెల మధ్యాహ్నం, రేకు డిక్కీలో, ఐదారు గంటలు. అప్పటికి నాకేమీ అనిపించలేదు.

మూడు రోజులు హాల్లో ఉన్నాక మూత తీయగానే మా ఆవిడ ముక్కు ఎగబీల్చి, “దీంట్లో కర్పూరం పెట్టినారా ఏందీ?” అంది. పురుగు పట్టకుండా పెట్టినారేమో అని నేను అన్నాను. నా తెలివికి దండం పెట్టాలి. అది ఎవరో పెట్టిన కర్పూరం కాదు. సెల్యులోజ్ నైట్రేట్ ఫిల్ము పెళుసు కాకుండా మెత్తగా ఉండేందుకు తయారీలోనే కర్పూరం కలుపుతారు. ఎన్నేళ్లయినా మూసిన డబ్బా తెరిస్తే ఆ వాసన పలచగా తగులుతుంది. దాని వెనకే ఇంకో ఘాటు వాసన, గొంతులో గీసుకున్నట్టుండేది, వచ్చింది. డబ్బా లోపలి వైపంతా ఇటుక రంగు తుప్పు. ఫిల్ము నుంచి వచ్చే ఆమ్లపు ఆవిర్లు రేకును అలా తినేస్తాయి. అసిటేట్ ఫిల్ము పాడైతే వచ్చే వాసన వేరు, ముక్కు మూసుకున్నా తెలిసేంత పచ్చి వెనిగర్ వాసన. వెనిగర్ కంపు కొడితే రీలు పోతున్నట్టు, కానీ ఇల్లు అంటుకోదు. కర్పూరం, దాని మీద ఘాటు కలిసి వస్తే మాత్రం డబ్బా వెంటనే బయటికి పోవాలి.

మరి ఆ ‘సేఫ్టీ’ అక్షరాలు ఎక్కడివి? ఆ సాయంత్రం ఎండ దిగాక, వరండాలో, నైట్రైల్ గ్లౌజులు వేసుకుని రీలు మెల్లగా విప్పాను. మొదటి పదిహేను అడుగులదాకా ఉన్నది లీడరు, బొమ్మల్లేని ఖాళీ ఫిల్ము. ప్రొజెక్టరులో ఎక్కించేటప్పుడు చిరిగిపోయే భాగం కాబట్టి టాకీసుల వాళ్లు దాన్ని ఎప్పటికప్పుడు మారుస్తుంటారు. ఇది ఎప్పుడో తర్వాత అతికించిన అసిటేట్ ముక్క, అంచు మీద సేఫ్టీ అని ఉన్నది దీని మీదే. అతుకు దాటగానే ఫిల్ము రంగు మారింది. తేనె రంగు పసుపు. చుట్ట లోపలికి వెళ్లేకొద్దీ వేలికి జిగురు తగిలింది. అతుకు దాటిన రెండో అడుగులో అంచు మీద ‘నైట్రేట్’ అని స్పష్టంగా ఉంది. వ్యాపారి నాకు పంపిన ఫొటో అతుక్కి ఇవతలిది. తెలిసి చేశాడా, తెలియక చేశాడా అన్నది ఆయనకే తెలియాలి.

ఆ అక్షరాలను కూడా కళ్లు మూసుకుని నమ్మకండి. ప్రింటు తీసేటప్పుడు మూల నెగటివ్ అంచు మీది రాత కూడా కొన్నిసార్లు కాపీ మీదికి అచ్చవుతుంది. అంటే సేఫ్టీ ఫిల్ము మీద నైట్రేట్ అనీ, నైట్రేట్ మీద సేఫ్టీ అనీ కనిపించే అవకాశం ఉంది. నేను ఇప్పుడు చూసేవి వేరే. ముందు వెడల్పు. స్కేలు పెట్టి కొలిస్తే 16 మి.మీ. అయితే నెమ్మదించండి, 1923లో వచ్చినప్పటి నుంచీ దాన్ని సేఫ్టీ ఫిల్ముగానే తయారు చేశారు. 35 మి.మీ. అయి, 1950ల మొదటి ఏళ్ల కంటే ముందుది అయితే, కాదని తేలేదాకా నైట్రేట్ అనే అనుకోవాలి. ఆ తర్వాత రంగు, జిగురు, వాసన, డబ్బా తుప్పు. ఇవన్నీ చుట్ట మధ్యలో చూడాలి. మొదటి పది అడుగులు ఏమీ చెప్పవు.

వ్యాపారికి ఫోన్ చేస్తే ఆయన ఇచ్చిన సలహా విని నా చెమట ఆరిపోయింది. “చిన్న ముక్క కత్తిరించి అగ్గిపుల్లతో ముట్టించి చూడు సార్, భగ్గుమంటే నైట్రేట్, లేదంటే కాదు.” ఈ పని ఎవరూ చేయకండి. నైట్రేట్ ఫిల్ములో దాని మంటకు కావలసిన ఆక్సిజన్ దాంట్లోనే ఉంటుంది. దుప్పటి కప్పినా, ఇసుక పోసినా, నీళ్లలో ముంచినా లోపల మండుతూనే ఉంటుంది. దాని పొగలో నైట్రోజన్ డయాక్సైడ్ ఉంటుంది. పీల్చినప్పుడు పెద్దగా ఏమీ అనిపించకపోయినా, కొన్ని గంటల తర్వాత ఊపిరితిత్తుల్లో నీరు చేరే ప్రమాదం ఉంది. పుణెలో ప్రభుత్వ ఫిల్మ్ ఆర్కైవ్ వాళ్లు దాచిన నైట్రేట్ రీళ్లే 2003 జనవరిలో కాలిపోయాయి. ఇక మన వంటింట్లో పరీక్షలా!

అగ్గిపుల్ల కూడా అక్కర్లేదన్నదే అసలు భయం. బాగా చెడిన నైట్రేట్ ఫిల్ము ఎక్కువ రోజులు 41 డిగ్రీల దగ్గర ఉంటే తనంతట తాను అంటుకోవచ్చని పాత ప్రయోగాల్లో తేలింది. మన కర్నూలు, కడపల్లో మే నెల నీడలోనే ఆ అంకె దాటుతుంది. రేకుల షెడ్డులో ఎంత ఉంటుందో లెక్క మీరే వేసుకోండి. ఆ వ్యాపారి గోదాము రేకుల షెడ్డే.

నేను చేసింది చెప్తా. డబ్బాను ప్లాస్టిక్ కవరులో బిగించకుండా, మూత కాస్త వదులుగా ఉంచి, నీడలో ఆరుబయట పెట్టాను. ఆవిర్లు లోపలే ఆగితే చెడటం ఇంకా వేగమవుతుంది. దీపం, దోమల చుట్ట, గ్యాసు, బండి, ఏవీ దగ్గర లేకుండా చూశాను. మరుసటి రోజు అగ్నిమాపక కేంద్రానికి వెళ్లి సంగతి చెప్పాను. అక్కడి పెద్దాయన నన్ను కాసేపు ఎగాదిగా చూసి, తర్వాత బాగానే విన్నాడు. “ఇంట్లో పెట్టొద్దప్పా, బస్సులో తిరిగి పంపొద్దు, చెత్తలో అసలే వేయొద్దు” అన్నాడు. రెండో మాట ముఖ్యం. వెనక్కి పంపించెయ్ అని మా వాళ్లు చాలామంది అన్నారు. నైట్రేట్ ఫిల్ము ప్రమాదకర సరుకుల్లో యు.ఎన్. 1324 కింద వస్తుంది, మామూలు పార్సిల్‌లో పంపడం తప్పు. అదే తప్పు వ్యాపారి చేశాడని నేనూ చేయలేను కదా. ఇప్పుడు ఆ డబ్బా మా బావమరిది తోటలో, కరెంటు లేని నాపరాళ్ల గదిలో, గాలి ఆడే చోట ఉంది. చుట్టలో బుడగలు ఇంకా రాలేదు, కాబట్టి బొమ్మ కాపీ తీసే వీలు ఉండొచ్చు. పుణె ఆర్కైవ్‌కు ఫొటోలతో రాశాను. బుడగలొచ్చి చుట్ట గడ్డకట్టినా, గోధుమరంగు పొడి రాలినా ఇక బొమ్మ మాట మరిచిపోవాలి. అప్పుడు దాన్ని కదపకుండా, తెలిసినవాళ్లను పిలిచి వదిలించుకోవడమే.

ఇక గాజు పలకల సంగతి. ఇరవై రెండింట్లో లాంతరు స్లైడ్లు రెండే. అవి మూడుంబావు అంగుళాల చదరాలు, రెండు గాజుల మధ్య బొమ్మ, చుట్టూ నల్ల కాగితపు పట్టీ, మూలలో చిన్న తెల్ల చుక్క. దీపం ముందు పెడితే మామూలు బొమ్మ. మిగతా ఇరవయ్యీ, మూడుంబావు బై నాలుగుంబావు అంగుళాల ఒంటి గాజులు, వెలుగు చీకటి తారుమారైన బొమ్మలు. అంటే డ్రై ప్లేట్ నెగటివ్‌లు. నెగటివ్‌లు వచ్చినందుకు నాకు దుఃఖం లేదు, నిజానికి సంతోషమే. ఆ ‘శుభ్రం చేసినవి’ అన్నదే కొంప ముంచింది.

డ్రై ప్లేటు మీద బొమ్మ ఉండేది జెలటిన్ పొరలో. జెలటిన్ నీళ్లు తాగి ఉబ్బుతుంది, నీళ్లు వెచ్చగా ఉంటే గాజును వదిలేస్తుంది. వెనకటి స్టూడియోల వాళ్లు ఎండాకాలంలో ప్లేట్లు కడగడానికి మంచుగడ్డ తెప్పించుకున్నది అందుకే. ఈ వ్యాపారి మే నెలలో మిద్దె మీది ట్యాంకు నీళ్లు పట్టి, సబ్బు పెట్టి, రెండు వైపులా తుడిచాడు. పదకొండు పలకల అంచుల్లో పొర, కాచిన పాల మీద మీగడ ముడత పడ్డట్టు లేచింది. ఒకదాంట్లో పెళ్లికూతురి చెయ్యి మోచేతి నుంచి కిందకి జారి, గాజు చివర వేలాడుతోంది. పైగా తడి ఆరకముందే వార్తాపత్రిక మధ్యలో పెట్టి ఒకదాని మీద ఒకటి పేర్చాడు. మూడింటికి అక్షరాలతో సహా కాగితం అంటుకుంది. వాటిని లాగలేదు, లాగితే బొమ్మ కాగితంతోనే వస్తుంది.

కొనేముందు మెరుపు లేని వైపు ఏదో చూసుకోండి, బొమ్మ పొర అదే. ఏటవాలు వెలుతురులో పట్టుకుంటే అంచుల్లో నీలి వెండి తళుకు కనిపించడం పాత ప్లేటుకు సహజం, అది ఉంటే ఎవరూ కడగలేదని కొంత ధైర్యం కూడా. ముడతలు, పొక్కులు, తుడిచిన గీతలు ఉంటే వదిలేయండి. దుమ్ము దులపాల్సింది గాజు వైపే. ప్లేటును అంచులతో పట్టుకోండి, నూలు గ్లౌజులు జారతాయి. పొడుగు అంచు మీద నిలబెట్టి, ఒక్కోదాన్ని విడి కాగితంలో ఉంచండి. పడుకోబెట్టి పేరిస్తే అడుగుది పగులుతుంది. నైట్రేట్ రీలున్న పెట్టెలో మాత్రం ప్లేట్లు పెట్టకండి. ఆ ఆవిర్లకు వెండి బొమ్మ వెలిసిపోతుంది. నా ప్లేట్లలో రీలు పక్కన ఉన్న నాలుగు మిగతావాటి కంటే పాలిపోయి ఉన్నాయి.

వారం రోజులు ఫోన్లలో గొడవపడితే వ్యాపారి మూడు వేలు వెనక్కి ఇచ్చాడు. రీలు సంగతి ఎంత చెప్పినా, “ఇన్నాళ్లు ఏం కాలేదు కదన్నా” అనే అన్నాడు. ఆయన షెడ్డులో అలాంటివే ఇంకో ఐదు డబ్బాలున్నాయని మాటల్లో తెలిసింది. వాటి అమ్మకం ప్రకటనలో కూడా అదే లీడరు ఫొటో పెట్టాడు. ఆ షెడ్డు ఉన్న వీధి కడప అగ్నిమాపక కేంద్రానికి రాసి పంపాను. మీలో ఎవరైనా ఆ డబ్బాలకు బేరం ఆడుతుంటే, అతుకు దాటిన తర్వాతి అడుగు ఫొటో అడగండి.