11 జట్లు వస్తే బైలు ఎక్కడ ఇవ్వాలి?

నాకౌట్‌లో 11 జట్లుంటే ఏ పద్ధతిలోనైనా మ్యాచ్‌లు పదే. ఒక్కో మ్యాచ్‌కి ఒక జట్టు ఇంటికెళ్తుంది, చివరికి మిగలాల్సింది ఒక్కటే. తేడా అంతా బైలు ఎప్పుడు ఇస్తామన్నదానిలో ఉంది. బై అంటే జట్టు ఆ రౌండ్ ఆడకుండానే తర్వాతి రౌండ్‌కి వెళ్లడం.

మొదటి పద్ధతిలో ముందు లెక్కేమీ వేయరు, బేసి సంఖ్య వచ్చినప్పుడల్లా ఒక జట్టుకు బై ఇస్తారు. 11 జట్లు 6 అవుతాయి, 6 కాస్తా 3 అవుతాయి. చిక్కు ఇక్కడే. ముగ్గురిలో ఒకరు సెమీఫైనల్ ఆడకుండానే ఫైనల్లో కూర్చుంటారు. అలసిపోయి వచ్చిన ప్రత్యర్థికి ఇది అన్యాయం, గొడవలూ ఇక్కడే మొదలవుతాయి.

రెండో పద్ధతిలో బైలన్నీ మొదటి రౌండ్‌లోనే తీరిపోతాయి. 2, 4, 8, 16 అంటూ రెట్టింపయ్యే వరుసలో 11 తర్వాత వచ్చేది 16, కాబట్టి బైలు 16 - 11 = 5. ఆరు జట్లు మూడు మ్యాచ్‌లు ఆడతాయి. ముగ్గురు విజేతలు, బై పొందిన ఐదుగురు కలిసి సరిగ్గా 8. ఆపై బేసి సంఖ్య రానే రాదు.

సీడ్‌లంటే బలాన్ని బట్టి ముందే ర్యాంకు ఇచ్చిన జట్లు. 16 లైన్ల డ్రా షీట్‌లో 1వ సీడ్‌ను లైన్ 1లో, 2వ సీడ్‌ను లైన్ 16లో రాయండి. 3, 4 సీడ్‌లను 5, 12 లైన్లకు చీటీ తీసి వేయండి. వాళ్ల పక్కనున్న 2, 15, 6, 11 లైన్లు బైలు. ఐదో బైని, బై లేని జతల్లో ఒకదానికి చీటీతో ఇవ్వండి. ఒకే జతలో రెండు బైలు పడితే ఆ గడి నుంచి తర్వాతి రౌండ్‌కి ఎవరూ రారు; షీట్ అంటించే ముందు ఇదొక్కటి తప్పక సరిచూడండి.

మా సిఫార్సు రెండోదే.